బహస్ కీజియే, సమర్థింపుము

జాగీర్లు రద్దయిన ఏడాదే మా నాయన కొలువు పోయింది. ఆయన మా ఊరి జాగీరు కచేరీలో గుమాస్తా. శిస్తు లెక్కలు రాయడం, బాకీ పడ్డవాళ్ళకు నోటీసులు రాయడం ఆయన పని. నోటీసు మీద సంతకం ఎవరిదైనా అందులోని అక్షరాలు మా నాయనవి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చేతిరాత తెలియని రైతు లేడు. ఆ చేతిరాతను ప్రేమించిన రైతూ లేడు.

మాది గచ్చిబౌలి గుట్టలకు అవతల చిన్న ఊరు. ఇప్పుడక్కడ అద్దాల ఆఫీసులున్నాయి. అప్పట్లో ఎటు చూసినా బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, వాటి నడుమ జొన్న పండే మెట్ట చెలకలు. నేను చదివింది ఉర్దూలో. బడులన్నీ అప్పుడంతే. తెలుగు అక్షరాలు మాత్రం నాయనే ఇంట్లో దిద్దించాడు. చదువయ్యాక పక్క ఊళ్ళో చిన్న పిల్లల బడికి పంతులునయ్యాను. శిక్షణ ఏమీ లేదు, ఉర్దూ వచ్చునంటే ఉద్యోగమిచ్చారు. కొత్త ప్రభుత్వం రాగానే శిక్షణ లేని పంతుళ్ళందరూ ఒక ఏడాది శిక్షణ పొంది పరీక్ష గట్టెక్కాలని, లేకపోతే ఇంటికి పోవాలని హుకుం వచ్చింది. నాయన కొలువు పోయింది కాబట్టి ఇంట్లో మిగిలింది నా ఉద్యోగమొక్కటే. అదీ ఇప్పుడు పరీక్ష మీద వేలాడుతోంది.

శిక్షణ బడి లింగంపల్లి స్టేషన్ దగ్గర ఒక కిరాయి బంగళాలో నడిచేది. పెచ్చులూడిన గోడలు, పైన పెంకులు. మొదటి రోజు హాజరు పట్టీలో నా ఊరి పేరు పిలవగానే వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు, "జాగీరు కొడుకొచ్చిండు, జర జాగ ఇయ్యున్రి." అందరూ నవ్వారు. జాగ ఎవరూ ఇవ్వలేదు. ఆ ఏడాదంతా నేను గోడవారన, తలుపు పక్కన కూర్చున్నాను. అన్నం డబ్బా తెరిస్తే నా పక్కన ఎవరూ తెరిచేవారు కాదు. వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళ ఇళ్ళలో చాలామంది తండ్రులు కచేరీ వాకిట్లో ఎండలో గంటలకొద్దీ నిలబడ్డవాళ్ళే.

బడి పెద్ద కోస్తా నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన ప్రిన్సిపాల్ గారు. తెల్లటి పంచె, కోటు, గట్టి గొంతు. ఆయనకు ఉర్దూ రాదు. రాకపోవడం ఆయనకు గర్వం. మా తెలుగు వింటే ముఖం చిట్లించేవారు. "ఏమిటయ్యా ఆ భాష? ముందు తెలుగు నేర్చుకుని తర్వాత పిల్లలకు నేర్పండి," అనేవారు. ఎవరైనా నోరు జారి 'హాజిర్ సాబ్' అంటే ఆ రోజు హాజరు వేసేవారు కాదు.

రెండో ఆయన మా బోధనా పద్ధతుల మాస్టరు. నల్లగండ్ల ఊరి మనిషి. ఉర్దూలో పెద్ద చదువు చదివి, ఏళ్ళ తరబడి పంతుళ్ళకు పాఠం ఎలా చెప్పాలో, ప్రశ్న ఎలా వేయాలో నేర్పిన మనిషి. మేం ఆయన్ను మాస్టర్ సాబ్ అనేవాళ్ళం. సన్నగా, ఎత్తుగా ఉండేవారు. ఎవరితోనూ అనవసరంగా మాట్లాడేవారు కాదు. నాతో అవసరానికి కూడా మాట్లాడేవారు కాదు. కారణం నాకు తెలుసు. వాళ్ళ నాయన చెలకను బాకీ కింద మా కచేరీ గుంజుకుంది. ఆ నోటీసు రాసింది మా నాయన.

ప్రిన్సిపాల్ గారికీ మాస్టర్ సాబ్‌కూ అస్సలు పడేది కాదు. ఒకే వరండాలో ఎదురుపడితే ఇద్దరిలో ఒకరు వెనక్కి తిరిగేవారు. ఎక్కువగా ప్రిన్సిపాల్ గారే.

చలికాలంలో ఒకరోజు మాస్టర్ సాబ్ ప్రశ్నలు తయారు చేయడం గురించి పాఠం మొదలుపెట్టారు. బోర్డు మీద మూడు మాటలు ఉర్దూలోనూ తెలుగులోనూ రాశారు. హక్ బజానిబ్ సాబిత్ కీజియే, సమర్థింపుము. బహస్ కీజియే, చర్చింపుము. మువాజనా కీజియే, పోల్చుము.

"ఏ ప్రశ్నలనైనా అన్నిటికన్న బలమైనది ఆఖరి మాట," అన్నారు. "విషయం ఒకటే ఉంటది. ఆఖరి మాట మారితే జవాబు మారుతది. గిది తెల్వని పంతులు వంద మంది పిల్లలను ఫేల్ చేస్తడు, తప్పు పిల్లలదంటడు."

తర్వాత ఆయన చూపు గది అంతా తిరిగి తలుపు పక్కకొచ్చి ఆగింది.

"నువ్వు లే."

లేచాను.

"మా నాయిన చెలక మీ కచేరి తీస్కున్నది. ఎరికేనా?"

ఎరుకే అన్నాను.

"ఆ తీస్కునుడు న్యాయమే. సమర్థించు."

విన్నది నిజమేనా అనిపించింది. "నేను చెప్పలేను సాబ్," అన్నాను.

"నిన్ను నిజమడగలే. నీ మనసుల ఏమున్నదో అడగలే. సమర్థించమన్న. చెప్పు."

మెల్లగా చెప్పాను. శిస్తు మూడేళ్ళు బాకీ పడిందని, కాయిదా ప్రకారం నోటీసు పంపారని, గడువిచ్చారని, గడువు దాటాకే తీసుకున్నారని. ఒక్కో మాట చెబుతుంటే బెంచీల మీద కదలిక. ఎవరో పళ్ళు కొరుకుతూ తిట్టారు. అయినా ఆపలేదు. "కాని ఆ ఏడు వానలు పడలేదు..." అని నేను మొదలుపెట్టగానే ఆయన చేయెత్తారు.

"ఆగు. ఆ మాట ఎందుకొచ్చింది? నేను సమర్థించమన్న. తీర్పు నేనే ఇచ్చిన, న్యాయమని. నీ పని దానికి ఆధారాలు తెచ్చుడు. వాన పడలేదనేటి మాట తేవాలంటే, దాన్ని కొట్టేసేటందుకే తేవాలె. 'వాన పడకున్నా పక్క రైతులు కట్టిన్రు' అనాలె. లేకుంటే నీ జవాబు నీ కాళ్ళే నరుక్కుంటది." క్లాసు వైపు తిరిగారు. "చూసిన్రా? నా ముంగట నిలవడి నా భూమి గుంజుకునుడు న్యాయమన్నడు. మంచిగనే చెప్పిండు. సమర్థింపుము అంటే గదే. దాంట్ల న్యాయం ఎంతుందో ఆ మాట అడగదు."

వెనక నుంచి ఒకతను లేచి, "గిదేం పాఠం సాబ్, పరేషాన్ చేసుడు గాకపోతే," అన్నాడు. మాస్టర్ సాబ్ అతని వైపు చూడనైనా లేదు.

"ఇప్పుడు చర్చించు," అన్నారు నాతో.

ఈసారి రెండు పక్కలూ చెప్పాను. కచేరీ పక్క చెప్పిందంతా మళ్ళీ చెప్పి, రెండో పక్కకొచ్చాను. చెరువు తెగిన సంగతి, కట్టిన శిస్తుకు రసీదు ఇవ్వలేదని రైతులు అనుకునే సంగతి, చదువు రాని మనిషికి నోటీసు ఎవరూ చదివి వినిపించని సంగతి. చెప్పి ఊరుకున్నాను.

"అయిపోయిందా?"

"అయింది సాబ్."

"కాలే. రెండు పక్కలూ చెప్పి చేతులు కట్టుకుంటే అది బహస్ కాదు, ఇద్దరు సాక్షులను తెచ్చి వాకిట్ల నిలబెట్టుడు. ఏ పక్క బరువెక్కువ, ఎందుకు? అది నువ్వే చెప్పాలె. చెప్పు, ఏ పక్క?"

గది అంతా నా వైపే చూస్తోంది. "రసీదు లేని మాట నిజమైతే కచేరీదే తప్పు," అన్నాను.

"నిజమైతే అంటివి. మంచిది. రుజువు లేని చోట అంతే అనాలె." ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. "ఇగ పోల్చు. కచేరీల నీ నాయిన పని, చెలకల మా నాయిన పని. మువాజనా."

మా నాయన పని చెప్పాను. పొద్దున్నే కచేరీకి పోవడం, రాత, లెక్క, వంగిన నడుము. తర్వాత వాళ్ళ నాయన పని చెప్పాను. దున్నడం, కలుపు, కాపలా.

"గిది పోల్చుడు కాదు," అన్నారు. "ఒకని మీద ఒక వ్యాసం, ఇంకొకని మీద ఇంకో వ్యాసం. మువాజనాల వజన్ ఉన్నది, వినపడుతలేదా? తూకం. రెండు పళ్ళాలల్ల ఒకటే తూకం రాయి పెట్టి చూడాలె. కష్టం చూస్తే ఎవనిది ఎంత, కూలి చూస్తే ఎవనికి ఎంత, భయం చూస్తే ఎవడు ఎవనికి భయపడ్డడు. ఒక్కో రాయి పెట్టుకుంట ఇద్దరినీ ఒక్కసారే చూడాలె. ఏది ఒక్కతీరుగున్నదో, ఏది వేరో, రెండూ చెప్పాలె. కూసో."

కూర్చున్నాను. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ ఆయన్ను ఎంత తిట్టుకున్నానో. పాఠం చెప్పడానికి ఆయనకు ఇంకో ఉదాహరణ దొరకలేదా? దొరికేది. నన్నే లేపాలని లేపారు. పగ తీర్చుకున్నారు. పాఠం, పగ రెండూ ఒకే గంటలో జరిగాయి. ఆ పాఠం ఎవరూ మరచిపోలేదన్నదీ నిజమే.

ఎండలు ముదిరాక పరీక్షలు వచ్చాయి. తెలుగు బడులకు మారే ఏడాది కాబట్టి ప్రశ్నపత్రంలో రెండు వరుసలుండేవి, ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఉర్దూ. జవాబు ఏ భాషలోనైనా రాయవచ్చు. ప్రిన్సిపాల్ గారు తెలుగులో ప్రశ్నలు తయారు చేస్తే మాస్టర్ సాబ్ ఉర్దూలోకి మార్చేవారు.

సామాన్య విషయాల పత్రంలో పెద్ద ప్రశ్న జాగీర్ల మీద. నా కళ్ళు అలవాటు కొద్దీ ముందు ఉర్దూ వరుస మీదికి పోయాయి. 'జాగీర్ల రద్దు న్యాయమైనది. బహస్ కీజియే.' తెలుగు వరుస చూడలేదు. బహస్ అని ఉంది, అంతే చాలు. కలం పట్టాను. దిద్దేది ప్రిన్సిపాల్ గారు కాబట్టి జవాబు తెలుగులోనే రాశాను.

ముందు రద్దు ఎందుకు న్యాయమో రాశాను. వెట్టి, రసీదులేని వసూళ్ళు, ఒక ఊరికి ఒక చట్టం పక్క ఊరికి ఇంకో చట్టం. తర్వాత రెండో పక్క రాశాను. రద్దుతో దొరలకు పరిహారం దొరుకుతుంది, కచేరీల్లో పనిచేసిన గుమాస్తాలకు, కావలివాళ్ళకు, వంటవాళ్ళకు ఏమీ దొరకదు. కచేరీ చేయించే బావి మరమ్మతు ఇప్పుడు ఎవరు చేయిస్తారు? రెండూ రాసి చివర్న తూచాను. రద్దే న్యాయం, అయితే కింది పనివాళ్ళకు దారి చూపించకపోతే ఆ న్యాయం సగమే అని ముగించాను. ఏడాదిలో అంత మనసు పెట్టి రాసిన జవాబు ఇంకొకటి లేదు. అది నా ఇంటి సంగతి కూడా.

దాంతో కాలం అయిపోవచ్చింది. చివర్న చెరువు కింది సాగును, బావి కింది సాగును పోల్చమని ఒక ప్రశ్న. గబగబా చెరువు గురించి ఒక పేజీ, బావి గురించి ఒక పేజీ రాసి గంట కొట్టేసరికి ఇచ్చేశాను.

నాలుగు రోజులకు ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. బల్ల మీద నా జవాబు పత్రం ఉంది. ఎర్ర సిరా గీతలు కనిపించాయి.

"కూర్చోకు. ఇది ఏమిటి?"

"నా జవాబు సార్."

"సమర్థింపుము అని అడిగితే ఇంత విషం రాస్తావా? దొరల కొలువు పోయిందని ఏడుపా? మీ తండ్రి ఆ కచేరీ గుమాస్తాయే కదూ?"

అప్పుడే నాకు తెలుగు వరుస చూపించారు. 'జాగీర్ల రద్దు న్యాయమైనది. సమర్థింపుము.'

"సార్, ఉర్దూ వరుసలో బహస్ అని ఉంది. చర్చించమని అర్థం. చర్చించమంటే రెండు పక్కలూ రాయాలి."

ప్రశ్నపత్రం తీసి, తనకు చదవరాని ఉర్దూ వరుసను వేలితో తడిమారు. "ఎక్కడ? చూపించు."

చూపించాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు నా మీద కోపం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

"అంటే మీ మాస్టర్ సాబ్ నా ప్రశ్న మార్చాడు. సర్కారు చేసిన మంచి పని మీద పిల్లకాయల చేత పేచీ పెట్టించాడు." కుర్చీ ముందుకు జరిపారు. గొంతు తగ్గించారు. "చూడు అబ్బాయ్. నీకు సున్నా వేసి, నడవడి బాగాలేదని రాస్తే నీ ఉద్యోగం పోతుంది. వేయాలని నాకు లేదు. ఒక్క కాగితం రాసివ్వు. ఆయన క్లాసులో జాగీర్లకు అనుకూలంగా పాఠం చెప్పాడని, ఆ పాఠం వల్లే ఇలా రాశానని. నీ సంగతి నేను చూసుకుంటాను."

రేపు చెబుతానని బయటికొచ్చాను.

ఇంట్లో నాయనకు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రాసియ్యి. ఆయన నిన్ను క్లాసుల నిలబెట్టి నా పరువు తీసిండు గద? దేవుడే అవకాశమిచ్చిండు. రాసియ్యి, నీ నౌకరీ నిలుస్తది."

"ఆయన జాగీర్లకు అనుకూలంగా చెప్పలేదు నాయనా. జాగీరు మీద ఆయనకున్నంత కోపం ఇంకెవరికీ లేదు."

"నీకెందుకు? ఆయనకు నీ మీద దయ ఉన్నదా?"

"లేదు."

"మరేంది?"

ఆయన చెప్పని మాట ఆయన చెప్పాడని రాయడానికి నా చేయి రాలేదు, అంతే. అమ్మ మధ్యలో వచ్చి, "జర తినున్రి, అన్నం చల్లారుతది," అంది. నాయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నుంచి నెల వరకూ నాతో మాట్లాడలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారికి చెప్పాను, "నేను చదివింది ఉర్దూ వరుస. అందులో ఉన్నది బహస్. నేను రాసింది బహస్. అంతవరకే రాసిస్తాను సార్." ఆయన తలుపు వైపు చూపించారు. "పో. ఇన్‌స్పెక్టర్ గారి ముందు చెప్పుకో."

బడుల ఇన్‌స్పెక్టర్ నగరం నుంచి వచ్చారు. పొట్టి మనిషి, కళ్ళజోడు, రెండు భాషలూ వచ్చు. ప్రిన్సిపాల్ గారి గదిలోనే విచారణ. మాస్టర్ సాబ్ కుర్చీ ఉన్నా కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను గుమ్మం దగ్గర.

ఇన్‌స్పెక్టర్ రెండు వరుసలూ చదివి కళ్ళజోడు తీశారు. "రెండు వరుసలల్ల రెండు హుకుంలున్నయి. ఎవరు మార్చిన్రు?"

"నేనే," అన్నారు మాస్టర్ సాబ్.

పొరపాటున అని అంటారనుకున్నాను. అనలేదు.

"ఎందుకు?"

"న్యాయమైనది, సమర్థింపుము అనేటిది పంతుళ్ళకు పెట్టే ప్రశ్న కాదు సాబ్. అది హుకుం. మొన్నటిదాకా దొర గొప్పోడు, సమర్థించు అని రాపిచ్చిన్రు. రాసినం. ఇయ్యాల దొర చెడ్డోడు, సమర్థించు. ఇది సుత రాస్తరు. రేపు ఇంకొకడొచ్చి ఇంకోటి అంటే అదీ రాస్తరు. వీళ్ళు పంతుళ్ళయితున్నరు."

ప్రిన్సిపాల్ గారు బల్ల మీద గుద్దారు. "చూశారా అండి? చూశారా? జాగీర్ల మీద అభిమానం ఎలా బయటపడుతోందో!"

"అభిమానమా?" మాస్టర్ సాబ్ మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూశారు. "మా నాయిన చెలక గుంజుకున్నరు. ఆ చెలక గట్టు మీదనే మా నాయిన పానం పోయింది. జాగీర్లంటే నాకెంత మంటనో నీకు తెల్వదు. తెల్వదు గనుకనే సమర్థింపుము అని పెట్టినవ్. నాకు తెలుసు గనుక బహస్ పెట్టిన. అవతలి పక్క బలం ఎంతో చూడకుంట గెలిస్తే గెలుపేంది?"

"ప్రశ్న మార్చే అధికారం మీకు ఎవరిచ్చారండి?"

"ఎవరూ ఇయ్యలే."

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగారు.

"నువ్వు తెలుగు వరుస చూడలేదా?"

"లేదు సాబ్."

"చూస్తే ఏం రాసేటోనివి?"

"సమర్థించేవాణ్ణి. రద్దు ఎందుకు న్యాయమో కారణాలు రాసి, గుమాస్తాల మాట వస్తే దానికి జవాబు చెప్పి, న్యాయమేనని ముగించేవాణ్ణి."

"కొలువు పోయింది నీ నాయినదే గద. ఆ మాటకు ఏం జవాబు చెప్పేటోనివి?"

"కొందరి కొలువు పోతుందని పది ఊళ్ళ వెట్టి ఉంచలేము అని రాసేవాణ్ణి సాబ్."

ఇన్‌స్పెక్టర్ తల ఊపారు. మాస్టర్ సాబ్ కిటికీ బయటికి చూస్తున్నారు.

తీర్పు అక్కడే చెప్పారు. ఎవరు ఏ వరుస చదివి రాశారో వాళ్ళ జవాబును ఆ వరుస ప్రకారమే దిద్దాలి. తెలుగు వరుస చూసి ఒకే పక్క రాసినవాళ్ళకు సమర్థన మార్కులు, ఉర్దూ వరుస చూసి రెండు పక్కలూ రాసినవాళ్ళకు చర్చ మార్కులు. ఎవరికీ ఆ కారణం చేత మార్కులు తగ్గకూడదు. అధికారం లేకుండా ప్రశ్న మార్చినందుకు మాస్టర్ సాబ్‌కు దూరపు జిల్లాకు బదిలీ. ప్రిన్సిపాల్ గారు ఎర్ర గీతలు గీసిన జవాబు పత్రాలన్నీ మళ్ళీ దిద్దాలి. దిద్దేవాళ్ళలో ఉర్దూ వరుస చదవగలిగింది మాస్టర్ సాబ్ ఒక్కరే కాబట్టి పోయేలోపు ఆయనే దిద్దాలి.

వాటిలో నా పత్రం కూడా ఉంది.

ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టారు. తోటివాళ్ళు ముందుగా చూసి, నేను రాగానే పక్కకు తప్పుకున్నారు. నా పేరు తప్పినవాళ్ళలో ఉంది. జాగీర్ల ప్రశ్నకు బడి మొత్తంలోకీ ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. చెరువు, బావి ప్రశ్నకు దాదాపు ఏమీ రాలేదు. ఆ లోటుతోనే పత్రం పోయింది. జవాబు పత్రం చూపించమని అడిగితే బడి గుమాస్తా చూపించాడు. నా రెండు పేజీల కింద మాస్టర్ సాబ్ పెన్సిల్‌తో రాసి ఉంది, 'చెరువు వివరించినాడు. బావి వివరించినాడు. పోల్చలేదు.'

ఇంట్లో నాయన మౌనం విడిచాడు. "చూసినవా పగ? ఒక చేత ఇచ్చి ఒక చేత గుంజిండు. నువ్వు ఆయన్ని కాపాడితివి."

"నేను నిజంగానే పోల్చలేదు నాయనా," అన్నాను.

"నీ తలకాయ," అన్నాడు నాయన.

ఎవరి మాట నిజమో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ రెండు పేజీలు తర్వాత ఎన్నోసార్లు మనసులో దిద్దాను. నీళ్ళు ఎవరి చేతిలో ఉంటాయి, కరువు ఏడు ఏది నిలుస్తుంది, ఖర్చు ఎవరిది, తగాదా ఎక్కడ పుడుతుంది అని ఒక్కో సంగతి తీసుకుని చెరువునూ బావినీ పక్కపక్కన పెట్టి ఉండాల్సింది. రెండిటికీ వానే ఆధారమని, అందులో అవి ఒక్కటేనని కూడా రాయాల్సింది. ఆ మాటల్లో ఒక్కటీ నా పేజీల్లో లేదు. ఇన్నేళ్ళ పంతులుగిరీ తర్వాత ఆ పత్రం నా ముందుకొస్తే నేనూ అంతకన్నా ఎక్కువ వేయలేను. అయితే ఆయన కాస్త దయ చూపిస్తే నా ఉద్యోగం నిలిచేది. ఆయన చూపించలేదు.

బదిలీ అయి వెళ్ళే రోజు లింగంపల్లి ప్లాట్‌ఫారం మీద ఆయన్ను చూశాను. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట. సాగనంపడానికి ఎవరూ రాలేదు. నేను కూడా సాగనంపడానికి రాలేదు, నగరంలో ఏదైనా పని దొరుకుతుందేమోనని బయల్దేరాను. అయినా దగ్గరికి వెళ్ళి సలాం చేశాను.

"ఏంది?" అన్నారు.

"ఏం లేదు సాబ్. మీరు పోతున్నారని..."

"పోతున్న. నువ్వు మళ్ళ కూసుంటవా పరీక్షకు?"

"కూర్చుంటాను."

"కూసుంటే ముందు ప్రశ్న ఆఖరి మాట చదువు. రెండు వరుసలూ చదువు. గుడ్డోని తీరుగ ఒకటి చూసి రాస్తవా?" ఆయన గొంతులో విసుగు తప్ప ఏమీ లేదు. "నీ నాయినకు చెప్పు. నేను నీకు మార్కులు దానమియ్యలే, దొంగతనం సుత చెయ్యలే అని చెప్పు. ఆయన నమ్మడు. నమ్మకుంటే నాకేం ఫికర్ లేదు."

రైలు వచ్చింది. ఆయన మూడో తరగతి పెట్టెలో ఎక్కారు. నేను వేరే పెట్టెలో ఎక్కాను. నగరంలో దిగాక జనంలో ఆయన ఎటు పోయారో చూడలేదు.

ఆ ఏడాది ఒక ధాన్యం మండీలో చిట్టాలు రాస్తూ గడిపాను. మరుసటి ఏడు పరీక్షలో కూర్చున్నాను. ఈసారి ప్రశ్నపత్రంలో ఒకే వరుస, తెలుగు. ప్రశ్నలు ప్రిన్సిపాల్ గారివే. ఒకటి 'సమర్థింపుము' అని ముగిసింది. ఒకే పక్క రాశాను. మధ్యలో ఎదురు మాట ఒకటి వచ్చింది. కొట్టేసేందుకే తెచ్చి, కొట్టేసి ముందుకు పోయాను. గట్టెక్కాను.

సర్టిఫికెట్ తీసుకోవడానికి పోతే ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టి, నడవడి అనే గడి దగ్గర కలం ఆపి నా ముఖం చూశారు. 'పరవాలేదు' అని రాసి, సిరా ఆరకముందే బల్ల మీదుగా నా వైపు తోశారు. ఆ కాగితంతోనే కోకాపేట బడిలో చేరాను.